ఒకే ఎక్స్‌రే, రెండు ఎత్తులు: ఎముకల వయసు పట్టికలు ఎలా లెక్క కడతాయి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా అబ్బాయికి పదమూడున్నర ఏళ్లు, ఎత్తు 146 సెంటీమీటర్లు. క్లాసులో అందరికంటే పొట్టి. పోయిన ఏడాది 5 సెంటీమీటర్లు పెరిగాడు, రక్త పరీక్షలన్నీ బాగున్నాయి, యుక్తవయసు మార్పులు ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయని చెప్పారు. ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు 11 ఏళ్ల 6 నెలలని, పెద్దయ్యాక 175.5 సెంటీమీటర్లు అవుతాడని రిపోర్టు ఇచ్చారు. అదే ఫిల్మును మరొక చోట చూపిస్తే, బొటనవేలి దగ్గర చిన్న ఎముక కనబడుతోందంటూ ఎముకల వయసు 12 ఏళ్ల 6 నెలలు, ఎత్తు 169.8 అన్నారు. నా ఎత్తు 168, మా ఆవిడది 155. నేనూ ఇంటర్‌లో చేరాకే పొడుగయ్యాను. ఈ రెండు అంకెల్లో ఏది నమ్మాలి? అసలు ఈ లెక్క ఎంత తప్పవచ్చు?

సమాధానం: మీకు వచ్చిన రెండు అంకెలూ ఒకే పట్టికలోని రెండు వేర్వేరు వరుసల నుంచి వచ్చాయి. లెక్కలో ఎవరూ పొరపాటు చేయలేదు. అసలు తేడా ఫిల్మును చదవడంలో వచ్చింది. ఆ పట్టిక ఎలా పుట్టిందో, దాన్ని ఎలా వాడతారో తెలిస్తే, 5.7 సెంటీమీటర్ల తేడా అసాధారణం కాదని, రెండు అంకెల్లో ఒకటి నిజమై తీరాలని కూడా లేదని మీకే అర్థమవుతుంది.

ముందుగా ఎముకల వయసు అంటే ఏమిటో చూద్దాం. పిల్లల చేతి ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. ఎక్స్‌రేలో అది ఎముకకూ దాని చివరి ముక్కకూ నడుమ నల్లని గీతలా కనబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చివరి ముక్కలు వెడల్పై, ఎముక అంచులను టోపీలా కప్పుకుని, చివరకు దానితో కలిసిపోతాయి. అన్నీ కలిసిపోయాక ఎత్తు పెరగదు. ఈ మార్పులు అందరిలోనూ దాదాపు ఒకే వరుసలో జరుగుతాయి కానీ ఒకే వేగంతో జరగవు, కాబట్టి ఒక పిల్లవాడు ఆ వరుసలో ఎంతవరకు వచ్చాడో చెప్పే కొలతగా ఎముకల వయసును వాడతారు.

దాన్ని చదవడానికి ఎక్కువ చోట్ల వాడేది గ్రూలిచ్, పైల్ అనే ఇద్దరు తయారు చేసిన అట్లాస్. మొదటి కూర్పు 1950లో, రెండవది 1959లో వచ్చాయి. అందులో ఉన్నవి అమెరికాలోని ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ నగరంలో 1930లలోనూ 1940ల మొదట్లోనూ తీసిన ఆరోగ్యవంతులైన పిల్లల చేతి ఎక్స్‌రేలు. చదివే డాక్టరు మీ అబ్బాయి ఫిల్మును లైట్ బాక్సు మీదనో కంప్యూటర్ తెర మీదనో ఉంచి, అట్లాస్‌లోని ఏ బొమ్మకు అది అన్నిటికంటే దగ్గరగా ఉందో చూసి ఆ బొమ్మ కింద ఉన్న వయసును రాస్తారు. ఇక్కడ మీ ప్రశ్నకు సూటిగా సంబంధించిన ఒక సంగతి ఉంది. ఆ అట్లాస్‌లో మగపిల్లలకు 11 ఏళ్ల 6 నెలల బొమ్మ తరువాత వచ్చేది 12 ఏళ్ల 6 నెలల బొమ్మ, ఆ రెండింటికీ మధ్య మరొకటి లేదు. మీ ఇద్దరు డాక్టర్లూ పక్కపక్క పేజీల్లోని బొమ్మలను ఎంచుకున్నారు, అంతే. బొటనవేలి మొదట్లో ఉండే సెసమాయిడ్ అనే బఠాణీ గింజంత ఎముక మగపిల్లల్లో సుమారు పదమూడేళ్ల ఎముకల వయసు దగ్గర కనబడడం మొదలవుతుంది. మొదట్లో అది ఎక్స్‌రేలో మసక చుక్కలాగే ఉంటుంది కాబట్టి, ఒకరి కంటికి ఆనినది మరొకరి కంటికి ఆనకపోవచ్చు, లేదా ఒకరు దానికి ఎక్కువ విలువ ఇచ్చి మిగిలిన ఎముకలకు తక్కువ ఇవ్వవచ్చు. అనుభవజ్ఞులైన ఇద్దరు ఒకే ఫిల్మును చదివినప్పుడు ఆరు నెలల తేడా రావడం మామూలే, ఏడాది తేడా కూడా అరుదేమీ కాదు. నేను రెండు బొమ్మల మధ్య తటపటాయించినప్పుడు మధ్య వయసును రాసి, పక్కన ఆ మాట కూడా రాస్తాను. మీ అబ్బాయి ఫిల్ము నేనే చదివి ఉంటే 12 అని రాసేవాణ్ణేమో.

ఇప్పుడు ఎత్తు లెక్కకు వద్దాం. మీ రిపోర్టుల్లోని అంకెలను బట్టి చూస్తే రెండు చోట్లా వాడినది బెయ్‌లీ, పినో పట్టికే. నాన్సీ బెయ్‌లీ, శామ్యూల్ పినో కలిసి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చిన్నప్పటి నుంచి పెద్దయ్యేవరకు కొలుస్తూ వచ్చిన 192 మంది ఆరోగ్యవంతులైన పిల్లల వివరాల నుంచి 1952లో దాన్ని ప్రచురించారు. దాని వెనుక ఉన్న ఆలోచన చాలా సులభమైనది. ఒక ఎముకల వయసులో ఉన్న పిల్లవాడు తన చివరి ఎత్తులో సగటున ఎంత శాతానికి చేరుకుని ఉంటాడో తెలిస్తే, ఇప్పటి ఎత్తును ఆ శాతంతో భాగిస్తే చివరి ఎత్తు వస్తుంది. అయితే అందరికీ ఒకే పట్టిక సరిపోదని వారు గమనించారు. అసలు వయసుకూ ఎముకల వయసుకూ తేడా ఏడాది లోపు ఉన్నవారికి ఒకటి, ఎముకలు ఏడాది లేదా అంతకంటే ముందున్నవారికి ఒకటి, అంతే మేర వెనకబడినవారికి మరొకటి చొప్పున మూడు పట్టికలు చేశారు.

మీ అబ్బాయికి మొదటి డాక్టరు చేసిన లెక్క ఇదీ. అసలు వయసు 13 ఏళ్ల 6 నెలలు, ఎముకల వయసు 11 ఏళ్ల 6 నెలలు, అంటే రెండేళ్లు వెనక ఉన్నాడు, కాబట్టి వెనకబడినవారి పట్టిక. అందులో ఆ వరుసలో ఉన్న శాతం 83.2. దీన్ని దశాంశంగా 0.832 అని రాసుకుంటే, 146 ÷ 0.832 = 175.5. రెండవ డాక్టరు అదే పట్టికలో 12 ఏళ్ల 6 నెలల వరుసకు వెళ్లారు. అక్కడ శాతం 86.0, కాబట్టి 146 ÷ 0.860 = 169.8. నేను అనుకున్నట్టు 12 అని చదివితే శాతం 84.5, ఎత్తు 172.8.

ఇంకొక మెలిక కూడా ఉంది. రెండవ డాక్టరు చదివినట్టు ఎముకల వయసు 12 ఏళ్ల 6 నెలలైతే, తేడా సరిగ్గా ఒక్క ఏడాదే అవుతుంది, అంటే మీ అబ్బాయి రెండు పట్టికల సరిహద్దు మీద నిలబడతాడు. అదే ఎక్స్‌రే మరో రెండు వారాల ముందు తీసి ఉంటే తేడా ఏడాదికి కాస్త తక్కువై, సగటు పట్టికలోకి వెళ్లేవాడు. అక్కడ అదే వరుసలో శాతం 85.3, ఎత్తు 171.2. రెండు వారాల్లో ఆ పిల్లవాడి శరీరంలో ఏ మార్పూ జరగకపోయినా కాగితం మీద మాత్రం ఒకటిన్నర సెంటీమీటర్లు మారిపోతాయి. ఏ రిపోర్టులోనైనా దశాంశ స్థానం వరకు రాసిన ఎత్తును చూసి అది అంత ఖచ్చితమని అనుకోకూడదని నేను తల్లిదండ్రులకు మొదట చెప్పే మాట ఇదే.

వెనకబడినవారి పట్టికలో శాతాలు ఎందుకు ఎక్కువగా ఉంటాయని మీకు అనుమానం రావచ్చు. అదే ఎముకల వయసుకు వెనకబడిన పిల్లలు రెండేళ్లు ఆలస్యంగా చేరుకుంటారు, కానీ ఆ రెండేళ్లూ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా పెరుగుతూనే ఉంటారు. కాబట్టి ఆ మెట్టుకు వచ్చేసరికి తమ చివరి ఎత్తులో కొంచెం ఎక్కువ భాగాన్ని పూర్తి చేసుకుని ఉంటారు. ఈ సంగతి గమనించకుండా మీ అబ్బాయికి సగటు పట్టికే వాడి ఉంటే, 11 ఏళ్ల 6 నెలల దగ్గర శాతం 81.8, ఎత్తు 178.5 అని వచ్చేది. ఏ పట్టిక వాడారో రాయని రిపోర్టు వస్తే, ఆ మాట అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

ఇక అసలు విషయం, తప్పు ఎంత ఉంటుంది? ఎముకల వయసును ఎంత జాగ్రత్తగా చదివినా, పట్టికలోని శాతం అనేది కొన్ని పదుల మంది పిల్లల సగటు మాత్రమే. ఒకే ఎముకల వయసులో ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి యుక్తవయసు పెరుగుదల పొడవుగా, బలంగా సాగుతుంది, మరొకరికి త్వరగా ముగిసిపోతుంది, అది ఆ రోజు తీసిన ఎక్స్‌రేలో కనబడదు. మీ అబ్బాయి నిజంగా ఉన్న శాతం 83.2 కాక రెండు శాతం తక్కువై 81.2 అయితే ఎత్తు 179.8 అవుతుంది, రెండు ఎక్కువై 85.2 అయితే 171.4 అవుతుంది. చూడడానికి చిన్నదిగా ఉన్న ఆ రెండు శాతం నాలుగు సెంటీమీటర్లుగా మారుతుంది. ఆరోగ్యవంతులైన పిల్లల్లో యుక్తవయసు పెరుగుదల మొదలవక ముందు ఇలాంటి పద్ధతుల లెక్కలో ఉండే ప్రామాణిక విచలనం సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లు. అంటే ముగ్గురు పిల్లల్లో ఇద్దరి చివరి ఎత్తు చెప్పిన అంకెకు అటూ ఇటూ 3 నుంచి 4 సెంటీమీటర్ల లోపు వస్తుంది, మూడోవాడిది దానికి బయట ఉంటుంది. నూటికి తొంభై అయిదు మందిని కలుపుకోవాలంటే అటు 7, ఇటు 7 సెంటీమీటర్ల దాకా వెడల్పు తీసుకోవాలి. అంటే ఒక్కొక్క దిక్కుకు మూడు అంగుళాలకు కాస్త తక్కువ. ఎముకలు చివరి దశకు వచ్చేకొద్దీ ఈ వెడల్పు తగ్గిపోతుంది. మగపిల్లల్లో ఎముకల వయసు 15కు వచ్చేసరికి సగటు పట్టికలో శాతం 96.8, అప్పుడు పెరగడానికి మిగిలినదే కొద్ది, కాబట్టి తప్పడానికి మిగిలినదీ కొద్దే. ఆడపిల్లల్లో ఇదే స్థితి రెండేళ్లు ముందే వస్తుంది.

లండన్‌కు చెందిన టానర్, వైట్‌హౌస్ పద్ధతి మరొకటి ఉంది. దానిలో ఒక్కొక్క ఎముకకు మార్కులు వేసి, పిల్లవాడి అసలు వయసును కూడా లెక్కలోకి తీసుకుంటారు. కొందరికి అది నచ్చుతుంది. అయితే చిన్న వయసులో దాని తప్పు కూడా ఈ మేరకే ఉంటుంది. పద్ధతి మార్చినంత మాత్రాన ఈ వెడల్పు పోదు.

కొలతలోని పొరపాటు కూడా ఇందులో కలుస్తుంది. ఇప్పటి ఎత్తును 0.832తో భాగిస్తున్నాం కాబట్టి, కొలతలో ఒక సెంటీమీటరు తప్పితే చివరి అంకెలో 1.2 సెంటీమీటర్లు తప్పుతుంది. ఉదయం లేచినప్పటికంటే సాయంత్రానికి మనిషి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుందని మరవకండి. చెప్పులు, సాక్సులు లేకుండా, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, ఒకే సమయంలో రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. తల్లిదండ్రుల ఎత్తును కూడా అడిగి రాయడం కాదు, కొలవాలి. మగవాళ్లు తమ ఎత్తును ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ చెప్పడం నేను తరచు చూస్తాను.

ఇంతవరకు చెప్పిన తప్పు ఇరువైపులా సమానంగా ఉంటుంది. కానీ మీ అబ్బాయిలాంటి పిల్లల విషయంలో ఒక వైపుకే వంగే తప్పు కూడా ఉంది, మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ముఖ్యంగా తోచినది అదే. కుటుంబంలో ఆలస్యంగా పెరిగే స్వభావం ఉండి, ఎముకల వయసు రెండేళ్లు లేదా అంతకంటే వెనకబడిన మగపిల్లల్లో ఈ పట్టిక నిజమైన చివరి ఎత్తును ఎక్కువ చేసి చెప్పే అలవాటు కలది. ఆలస్యమైనవారికి వేరే పట్టిక ఇచ్చినా అది అంత వెనకబడినవారిని పూర్తిగా సరిదిద్దలేకపోతుంది, ఎందుకంటే బర్క్‌లీలో కొలిచిన మామూలు పిల్లల్లో అలాంటివారు కొద్దిమందే. యుక్తవయసు మరీ ముందుగా వచ్చిన ఆడపిల్లల్లో కూడా ముందున్నవారి పట్టిక ఇలాగే పొడవును ఎక్కువ చేసి చూపిస్తుంది. అలాంటివారికి నేను సగటు పట్టికతో వచ్చే అంకెకే ఎక్కువ విలువ ఇస్తాను.

దీన్ని సరిచూడడానికి ఎక్స్‌రేతో సంబంధం లేని మరొక కొలత మీ దగ్గరే ఉంది. తల్లిదండ్రుల ఎత్తులు కూడి, మగపిల్లవాడైతే 13 కలిపి, రెండుతో భాగిస్తే కుటుంబ లక్ష్య ఎత్తు వస్తుంది: 168 + 155 + 13 = 336, సగం 168. దానికి అటూ ఇటూ సుమారు 8.5 సెంటీమీటర్లు, అంటే 159.5 నుంచి 176.5 వరకు, ఆ తల్లిదండ్రుల కొడుకులు సాధారణంగా ఉంటారు. బెయ్‌లీ, పినో పట్టికలో తల్లిదండ్రుల ఎత్తు ఎక్కడా లేదు. మొదటి రిపోర్టులోని 175.5 ఈ పరిధిలో పై అంచుకు చాలా దగ్గరగా ఉంది, పైగా అది పట్టిక ఎక్కువ చూపించే దిక్కునే ఉంది. మీరు ఇంటర్‌లో పెరిగి 168 దగ్గర ఆగారన్నది కూడా అదే చెబుతోంది: ఆలస్యం మీ నుంచి వచ్చిన గుణం కావచ్చు, అది ఎత్తును తీసుకుపోయే సంగతి కాదు, ఎత్తు వచ్చే కాలాన్ని మార్చే సంగతి.

ఇవన్నీ కలిపి మీరు నన్ను ఒక మాట అడిగితే, 175కు బదులు 171 చుట్టూ ఉంటాడని అనుకోండి అంటాను, దానికి 165 నుంచి 177 వరకు ఏది వచ్చినా ఆశ్చర్యపోకండి అని కూడా చెబుతాను. రెండవ డాక్టరు ఇచ్చిన 169.8 నా అంచనాకు దగ్గరగా ఉంది, కానీ అది ఎముకల వయసును ఆయన ఎక్కువ సరిగా చదివారనడానికి సాక్ష్యం కాదు.

అయితే ఈ పట్టిక ఆరోగ్యవంతమైన పెరుగుదలకే వర్తిస్తుంది. థైరాయిడ్ లోపం, గ్రోత్ హార్మోన్ లోపం, ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్, ఎముకల నిర్మాణంలో లోపం ఉన్న పిల్లలకు ఇందులోని శాతాలు పనికిరావు, వాడితే చాలా తప్పుగా వస్తుంది. మీ అబ్బాయి గత ఏడాది 5 సెంటీమీటర్లు పెరగడం, పరీక్షలు బాగుండడం ఆ భయాన్ని చాలావరకు తగ్గిస్తాయి. ఏడాదికి 4 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరుగుతుంటే మాత్రం ఎంత పొడవు అవుతాడనే లెక్క పక్కనపెట్టి, ఎందుకు పెరగడం లేదో ముందుగా వెతకాలి.

ఇప్పుడు చేయవలసింది మరో డాక్టరు దగ్గర మూడో అంకె తీసుకోవడం కాదు. ఆరు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసి ఉంచండి. ఏడాది తరువాత మరొక ఎక్స్‌రే తీయించి, పాత ఫిల్ము, కొత్త ఫిల్ము రెండూ ఒకే డాక్టరుకు పక్కపక్కన ఉంచి చదివించండి, ఎందుకంటే చదివేవారు మారితే వచ్చే తేడా పెరుగుదల వల్ల వచ్చే తేడాలో కలిసిపోయి ఏదీ అర్థం కాకుండా పోతుంది. అప్పుడు ఏం చూడాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఏడాదిలో 146 నుంచి 151.5కు పెరిగి, ఎముకల వయసు 11 ఏళ్ల 6 నెలల నుంచి సరిగ్గా ఒక ఏడాది ముందుకు వచ్చి 12 ఏళ్ల 6 నెలలైతే, 151.5 ÷ 0.860 = 176.2, అంటే పాత అంకె దాదాపుగా నిలబడింది. అంతే పెరిగి ఎముకల వయసు మాత్రం ఒకటిన్నర ఏడాది ముందుకు పోయి 13 అయితే, అక్కడ శాతం 88.0, అంకె 172.2కు దిగుతుంది. ఎత్తు పెరిగిన దానికంటే ఎముకలు వేగంగా పరుగెత్తినప్పుడు అంచనా ఇలా ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. మీ అబ్బాయిలో ఆలస్యం ఎంతవరకు ఎత్తుగా మారుతుందో తెలిపేది ఆ దిగుదలే, ఇవాళ్టి ఏ ఒక్క అంకె కూడా దాన్ని చెప్పలేదు.

వచ్చే ఏడాది ఆ రెండో ఎక్స్‌రే రిపోర్టులో మూడు మాటలు రాయమని అడగండి: ఏ అట్లాస్‌తో చదివారు, ఏ పట్టిక వాడారు, ఎముకల వయసు ఖచ్చితంగా ఒక బొమ్మకు సరిపోయిందా లేక రెండింటి మధ్య ఉందా. ఇప్పటి రెండు రిపోర్టులనూ, ఫిల్మునూ పారేయకండి, ఏడాది తరువాత వాటితోనే పోల్చాలి.